పదివేల మందిలో ఎనిమిది మంది: ఒక పేరాతో నా కుస్తీ

ఒక వైద్య పరిశోధన వ్యాసంలోని పేరాని మామూలు మాటల్లో తిరగరాస్తూ నేను రాసిన మొదటి వాక్యం ఇది: "హార్మోన్ మాత్రలు వాడే ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరుగుతుంది." మూలంలో ఉన్న అంకెనే రాశాను. దాన్ని పిన్ని చేతికిచ్చి, "చదివి, నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు పిన్నీ" అన్నాను.

పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "ఆ మాత్ర వేసుకున్న వందమందిలో ఇరవై ఆరుగురికి రొమ్ము క్యాన్సర్ వస్తుందట. అమ్మో! అలాంటి మాత్రని అమ్మనిస్తున్నారా?" అంది.

ఆ పరిశోధనలో నిజంగా కనిపించిన తేడా ఏడాదికి పదివేల మందిలో 8 మంది. నేను అబద్ధం రాయలేదు, పిన్ని తప్పు చదవలేదు. అయినా కాగితం మీది నుంచి ఆమె తలలోకి వెళ్లేసరికి ఎనిమిది మంది కాస్తా రెండువేల ఆరువందల మంది అయిపోయారు.

ఆరోగ్య విషయాల మీద మామూలు పాఠకుల కోసం వేస్తున్న ఒక చిన్న పుస్తకానికి నన్ను ఒక పేజీ రాయమన్నారు. "ఒక్క పేరానే. దాన్ని అందరికీ అర్థమయ్యేలా తిరగరాయాలి" అన్నారు సంపాదకుడు. ఒక్క పేరానే కదా, సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాను. పదకొండు రోజులు పట్టింది.

ఆ పేరా 2002 జులైలో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం సారాంశంలోది. ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగం గురించి అది. ముట్లు ఆగిపోయిన, గర్భసంచి ఉన్న 16,608 మంది ఆడవాళ్లను లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రోజూ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర ఇచ్చారు. రెండో గుంపుకి చూడ్డానికి అలాగే ఉండే, మందు లేని మాత్ర ఇచ్చారు. ఎనిమిదిన్నరేళ్లు నడపాలనుకున్నది సగటున 5.2 ఏళ్లకే ఆపేశారు. ఇంతవరకూ చెప్పడం తేలిక. చిక్కంతా ఫలితాల దగ్గరే వచ్చింది.

ఆ వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు తెలుగు లిపిలో పెడితే ఇలా ఉంటాయి: "కరోనరీ హార్ట్ డిసీజ్‌కి హజార్డ్ రేషియో 1.29, నామినల్ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 1.02 నుంచి 1.63, కేసులు 286. రొమ్ము క్యాన్సర్‌కి 1.26, ఇంటర్వల్ 1.00 నుంచి 1.59, కేసులు 290, స్ట్రోక్‌కి 1.41..." ఇలా ఎనిమిది అంశాలు వరసగా వస్తాయి. చివర్లో ఒక వాక్యం మాత్రం వేరే భాషలో మాట్లాడుతుంది. పదివేల పర్సన్-ఇయర్లకు గుండెకి సంబంధించినవి 7, స్ట్రోక్‌లు 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం 8, రొమ్ము క్యాన్సర్లు 8 అదనంగా వచ్చాయని. పెద్దపేగు క్యాన్సర్లు 6, తుంటి ఎముక విరగడాలు 5 తగ్గాయని.

నేను మొదట ఆ చివరి వాక్యాన్ని పట్టించుకోనే లేదు. మొదట కంటపడిన 1.26ని "26 శాతం ఎక్కువ" అని మార్చేసి, పని అయిపోయిందనుకున్నాను. పత్రికల్లో ఇలాంటి వార్తలు చదివీ చదివీ చేతికి అలవాటైపోయిన మార్పిడి అది.

పిన్ని మాట విన్నాక ఆ అలవాటు ఎక్కడ దెబ్బతీస్తుందో తెలిసింది. 1.26 అనేది ఒక గుంపుని ఇంకో గుంపుతో పోల్చిన నిష్పత్తి. "దేని మీద 26 శాతం" అన్నది అందులో లేదు. పాఠకులు ఆ ఖాళీని ఊరికే వదలరు, తమకు తోచిన దానితో నింపుకుంటారు. శాతం అనగానే "వందమందిలో" అనుకోవడం సహజం. అందుకని వ్యాసం లోపలికి వెళ్లి అసలు లెక్క తెచ్చుకున్నాను. మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లలో ఏడాదికి పదివేల మందికి 30 రొమ్ము క్యాన్సర్ కేసులు, హార్మోన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 38. ముప్పై ఎనిమిదిని ముప్పైతో భాగిస్తే ఇంచుమించు 1.27 వస్తుంది. మూలంలోని 1.26కి అది పక్కనే ఉంది కాబట్టి సరైన అంకెల్నే పట్టుకున్నానని నమ్మకం కుదిరింది. ఇలాంటి పనిలో ఈ చిన్న భాగాహారం తప్పకుండా చేసుకుంటాను. ఒకసారి అడ్డగీత తప్పి పక్క వరుసలోని అంకె ఎత్తుకొస్తే, ఇదొక్కటే దాన్ని పట్టిస్తుంది.

ఆ లెక్క దొరక్కముందు ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. హార్మోన్ గుంపులో మొత్తం 166 కేసులు, రెండో గుంపులో 124 అని చూసి, "42 మందికి అదనంగా వచ్చింది" అని రాసేశాను. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన నా రాతలు చూసిపెడుతుంటారు. ఆయన ఆ వాక్యం కింద గీత గీసి, "రెండు గుంపుల్లోనూ సమానంగా మనుషులున్నారా అమ్మా?" అని మాత్రం అడిగారు. లేరు. ఒకదాంట్లో 8,506 మంది, రెండోదాంట్లో 8,102. నాలుగువందల మంది ఎక్కువున్న చోట కేసులు కొన్ని ఎక్కువ రావడంలో వింతేముంది? మనుషుల లెక్కతో భాగించి చూస్తే, ఆ అయిదేళ్ల పైచిలుకు కాలంలో వెయ్యిమందికి హార్మోన్ గుంపులో 19 లేదా 20, రెండో గుంపులో 15 అని తేలింది. తేడా దాదాపు 4. మరోవైపు ఏడాదికి పదివేలకు 8 చొప్పున 5.2 ఏళ్లకు లెక్కగడితే పదివేలకు 42 దాకా, అంటే వెయ్యికి 4. రెండు దారుల్లోనూ ఒకే ఊరికి చేరడంతో టెన్షన్ తగ్గింది.

ఇక్కడ నా మనసు కాసేపు ఊగిసలాడింది. ఏ లెక్కలో చెప్పాలి? "పదివేలలో 8" అంటే ఏమీ లేనట్టుంటుంది. "అయిదేళ్లలో వెయ్యికి 4" అంటే కాస్త బరువుగా వినిపిస్తుంది. "26 శాతం" అంటే గుండె ఝల్లుమంటుంది. మూడూ ఒకే నిజం. ఏది ఎంచుకున్నా పాఠకుణ్ని ఒక వైపు కొంచెం తోసినట్టే అవుతుంది. చివరికి పదివేల మంది, ఒక ఏడాది అనే కొలతనే ఉంచాను, మూల వ్యాసం లెక్క కూడా అదే కాబట్టి. అయితే రెండు షరతులు పెట్టుకున్నాను. ఒకటి, తేడా ఒక్కటే ఇవ్వకుండా రెండు గుంపుల అంకెలూ ఇవ్వాలి: "30 బదులు 38" అని. రెండు, మేలుకీ కీడుకీ కొలత మార్చకూడదు. నా రెండో చిత్తుప్రతిలో సరిగ్గా ఆ తప్పే ఉంది. కీడుని "పదివేలలో 8" అని రాసి, ఆ కిందే "పెద్దపేగు క్యాన్సర్ 37 శాతం తగ్గింది" అని రాశాను. పెద్దపేగు క్యాన్సర్ పక్కన 0.63 అనే నిష్పత్తి కనిపించగానే చేయి మళ్లీ పాత దారిలో పోయింది. ఒక చిన్న మేలుని భూతద్దంలోనూ, అంతే ఉన్న కీడుని మామూలు కంటితోనూ చూపించినట్టు తయారైంది. అది కావాలని చేసిన మోసంలాగే కనిపిస్తుంది. నేనైతే చూసుకోలేదంతే.

పర్సన్-ఇయర్ సంగతి కూడా చెప్పాలి. "వ్యక్తి-సంవత్సరాలు" అని రాస్తే ఎవరికీ ఎక్కదు. "పదివేల మంది ఏడాది పాటు వాడితే" అని విడమరిచాను. దానికి మాస్టారు ఒప్పుకున్నారు గానీ, నేను ఆ పక్కనే రాసిన "ప్రతి ఏటా 8 మందికి" అన్న మాటకు ఒప్పుకోలేదు. "సగటున ఏడాదికి అనమ్మా. మొదటి ఏడాదీ అయిదో ఏడాదీ ఒకలాగే ఉన్నాయని ఎవరు చెప్పారు?" అన్నారు. వ్యాసం లోపల చూస్తే నిజంగానే ఒకలా లేవు. గుండెపోట్ల తేడా మొదటి ఏడాదిలోనే ఎక్కువగా కనిపించింది. రొమ్ము క్యాన్సర్‌లో నాలుగేళ్ల దాకా తేడా తెలియలేదు, ఆ తర్వాతే గీతలు విడిపోయాయి. "ప్రతి ఏటా" అన్న రెండు మాటలతో నేను ఆ తేడాని చదును చేసేశాను. "సగటున" అన్న ఒక్క మాట దాన్ని పూర్తిగా చెప్పలేదు కానీ, కనీసం అబద్ధమైతే ఆడదు.

అంకెల తర్వాత మాటలు. ఇక్కడ ఇంకా ఎక్కువ తప్పులు చేశాను.

ముందుగా "గడ్డ". ఊపిరితిత్తుల్లోని రక్తనాళానికి గడ్డకట్టిన రక్తం అడ్డుపడటాన్ని "ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ" అని రాశాను. పిన్ని దాన్ని క్యాన్సర్ గడ్డ అనుకుంది. ఆ పైవాక్యంలోనే రొమ్ము క్యాన్సర్ ఉంది మరి, ఆమె తప్పేముంది? మన వాడుకలో రొమ్ములో గడ్డ అన్నా, పొట్టలో గడ్డ అన్నా అర్థం ఒకటే. "గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడటం" అని మార్చాక ఆ పొరపాటు పోయింది. వాక్యం పొడుగైంది, అయినా పరవాలేదు. సులభంగా రాయడమంటే పొట్టిగా రాయడమని నాకొక భ్రమ ఉండేది. ఇలాంటి చోట అది తేలిపోతుంది.

రెండోది "ఇన్వేసివ్". మొదట "ప్రాణాంతక రొమ్ము క్యాన్సర్" అని రాశాను. తర్వాత అనుమానం వచ్చి "ఒళ్లంతా పాకిన" అని మార్చాను. నా స్నేహితురాలు గైనకాలజిస్టు. ఫోన్లో చదివి వినిపిస్తే, "రెండూ తప్పే. పుట్టిన చోటు దాటి పక్కనున్న రొమ్ము కణజాలంలోకి చొచ్చుకుపోయిందని అర్థం, అంతే. దూరంగా ఇంకో అవయవానికి పాకిందని కాదు, మనిషి బతకదనీ కాదు" అంది. ఒక్క విశేషణంతో నేను పాఠకురాలిని ఎక్కడికో తీసుకెళ్లిపోయానన్నమాట. చివరికి ఆ మాటని నా సారాంశంలోంచి తీసేశాను. "రొమ్ము క్యాన్సర్" అని ఊరుకుంటే కొంత వివరం తగ్గుతుంది. తప్పుడు విశేషణం కంటే అది నయం.

"కరోనరీ హార్ట్ డిసీజ్" కూడా అంతే. "గుండె జబ్బు" అంటే సరిపోతుందనుకున్నాను. కానీ ఈ పరిశోధనలో లెక్కపెట్టినవి రెండే: గుండెపోటు, రక్తనాళాల జబ్బు వల్ల గుండె ఆగి చనిపోవడం. గుండె దడ, వాల్వు చెడిపోవడం లాంటివి ఆ లెక్కలో లేవు. "గుండెపోటు లేదా దానికి సంబంధించిన మరణం" అని రాశాను. ఏదైనా జబ్బు పేరు చూసినప్పుడు "ఈ పరిశోధనలో దేన్ని ఆ పేరుతో లెక్కించారు?" అని పద్ధతుల భాగంలో వెతకాలని అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను.

"ముప్పు" అన్న మాట దగ్గర పెద్దగా గొడవ లేదు. "ప్రమాదం" అంటే రోడ్డు ప్రమాదం గుర్తొస్తుంది. "అవకాశం" అంటే ఏదో మంచి దక్కబోతున్నట్టుంటుంది.

ఇక కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు అంకె ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే రెండంకెలు. ఇది నన్ను మూడు రోజులు కూర్చోబెట్టింది. 1.00 నుంచి 1.59 అనే ఆ రెండంకెల్ని సారాంశంలోంచి తీసేస్తే 8 అనేది కొలిచి తూచిన ఖచ్చితమైన అంకెలా కనిపిస్తుంది. ఉంచితే ఎవరికీ అర్థం కాదు. "95 శాతం నమ్మకం" అని రాస్తే ఇంకా ఘోరం. "మాత్ర వల్ల క్యాన్సర్ వస్తుందని 95 శాతం ఖాయం" అని చదువుకుంటారు. దాన్ని కూడా మనుషుల లెక్కలోకి మార్చమని మాస్టారు సలహా ఇచ్చారు. ముప్పైని 1.00తో గుణిస్తే ముప్పయే. 1.59తో గుణిస్తే దాదాపు 48. అంటే ఈ పరిశోధన చెబుతున్నది "30 బదులు 38 వచ్చాయి, కానీ అసలు తేడా దాదాపు ఏమీ లేకపోవచ్చు, 18 దాకా కూడా ఉండొచ్చు" అని. ఇలా రాయగానే పిన్ని, "ఓహో, గట్టిగా తెలీదన్నమాట" అంది. అవును. నాకు కావలసింది అదే.

దానికీ మాస్టారు ఒక తోక తగిలించారు. ఆ "నామినల్" అన్న మాటని మర్చిపోవద్దన్నారు. ఒకే పరిశోధనలో ఎన్నో జబ్బుల్ని, మధ్యమధ్యలో ఎన్నోసార్లు లెక్కలు తీసి చూశారు. అన్నిసార్లు చూస్తే ఎక్కడో ఒకచోట తేడా కాకతాళీయంగా కూడా కనిపించవచ్చు. ఆ సంగతిని కలుపుకుని లెక్కిస్తే హద్దులు ఇంకా వెడల్పవుతాయి. వ్యాసంలో ఆ రెండో రకం హద్దులూ ఇచ్చారు. నేను వాటిని సారాంశంలో పెట్టలేదు. ఆ సంగతి పెట్టాలంటే ఇంకో అరపేజీ కావాలి, అది చదివేలోగా పాఠకురాలు అసలు విషయం మర్చిపోతుంది. అందుకే "ఇవి సుమారు లెక్కలు" అన్న మాటని పేరా చివర దాచకుండా అంకెల పక్కనే పెట్టాను.

తర్వాత "ముందుగానే ఆపేశారు" అన్నది. ఇది చదివి పిన్ని, "చచ్చిపోతున్నారని ఆపేశారా?" అని అడిగింది. కాదు. మొత్తం మరణాల్లో రెండు గుంపులకూ తేడా లేదు. రొమ్ము క్యాన్సర్ కేసులు ముందే గీసి పెట్టుకున్న హద్దు దాటాయి, మేలూ కీడూ కలిపి చూస్తే కీడు వైపు మొగ్గింది, అందుకే ఆపారు. మరణాల సంగతి ఆ పేరాలో ఒక మూల ఉంటుంది కాబట్టి నేను వదిలేశాను. పిన్ని అడగకపోతే ఆ వాక్యం సారాంశంలో ఉండేదే కాదు.

మేలూ కీడూ కలిపిన లెక్క గురించి కూడా ఒక మాట. పెరిగినవి 7, 8, 8, 8 కూడి, తగ్గినవి 6, 5 తీసేస్తే 20 వస్తుంది. వ్యాసంలో 19 అని ఉంది. తప్పు పట్టేశానని ఒక పూట సంబరపడ్డాను. ఒకే మనిషికి రెండు జబ్బులు వస్తే వాళ్లు మొదటిదాన్నే లెక్కపెట్టారు. పైగా ఆ లెక్కలో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, ఇతర కారణాల మరణాలు కూడా ఉన్నాయి. నా కూడికలో అవి లేవు. ఎవరో రాసిన మొత్తాన్ని మన కూడికతో మార్చకూడదు అనుకుని 19 అనే రాశాను. ఆ 5.2 ఏళ్లకూ కలిపితే పదివేలకు దాదాపు వంద, అంటే వందమందిలో ఒకరు. "అయిదేళ్లు వేసుకుంటే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు ఇదే జవాబు. పిన్ని ఈ ప్రశ్న కూడా అడిగింది.

పిన్ని అడిగిన వాటిలో అన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకోటి. నాలుగో చిత్తుప్రతి చదివి, "మా వదినకి గర్భసంచి తీసేశారు కదే. ఆవిడా ఏదో హార్మోన్ మాత్ర వేసుకుంటోంది. మానేయమని చెప్పనా?" అంది. ఫోన్ అప్పటికే చేతిలో ఉంది.

"ఆగు పిన్నీ" అన్నాను. ఈ పరిశోధనలో ఉన్నది గర్భసంచి ఉన్నవాళ్లు, వాడింది రెండు హార్మోన్లు కలిపిన ఒక మాత్ర. గర్భసంచి తీసేసిన వాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి వేరే పరిశోధన చేశారు. దాన్ని 2004లో ఆపారు. అందులో స్ట్రోక్‌లు పెరిగాయి కానీ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఇదంతా నాకు తెలుసు. నా సారాంశానికి తెలియదు. "హార్మోన్ మాత్రలు" అన్న రెండు మాటల్లో అన్ని మాత్రల్నీ, అందర్నీ కలిపేశాను.

ఆ రోజు రాత్రి కూర్చుని ఈ పేరా ఎవరి గురించి కాదో ఒక జాబితా రాసుకున్నాను. గర్భసంచి తీసేసిన వాళ్ల గురించి కాదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడేవాళ్ల గురించి కాదు. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు భరించలేక కొన్నాళ్లు మాత్ర వాడేవాళ్ల కోసం చేసిన పరిశోధన కాదు. ముట్లు ఆగాక ఏళ్ల తరబడి ఈ మాత్ర వేసుకుంటే గుండె జబ్బు, ఎముకలు విరగడం లాంటివి రాకుండా ఉంటాయా అని చూడటమే దాని పని. వయసు 50 నుంచి 79, సగటు 63. అంటే చాలామందికి ముట్లు ఆగి అప్పటికే చాలా ఏళ్లయింది. మూల పేరాలో ఈ వివరాలు అరవాక్యంలో అయిపోతాయి, ఎందుకంటే దాన్ని చదివే డాక్టర్లకు ఆ అరవాక్యం చాలు. నా సారాంశంలో వాటికి మూడు వాక్యాలు ఇచ్చాను, అవీ అంకెల కంటే ముందు.

చివర్లో నేను "కాబట్టి ఈ మాత్రలు వాడకూడదు" అని రాసుకున్న వాక్యం కూడా అదే రాత్రి పోయింది. వ్యాసం ముగింపులో ఉన్నది అంత పెద్ద మాట కాదు. గుండె జబ్బు రాకుండా ఉండటానికని ఈ మాత్రని మొదలుపెట్టకూడదు, ఆ కారణంతో వాడుతుంటే కొనసాగించకూడదు. అంతవరకే. ఆ "కారణంతో" అన్న మాట పోతే మొత్తం వాక్యం పోయినట్టే.

ఏడో చిత్తుప్రతి ఇలా కుదిరింది:

"ముట్లు ఆగిపోయాక రోజూ హార్మోన్ మాత్ర వేసుకుంటే గుండె జబ్బు లాంటివి రాకుండా ఉంటాయా? ఇది తేల్చడానికి అమెరికాలో 16,608 మంది ఆడవాళ్లతో పరిశోధన చేశారు. వాళ్ల వయసు 50 నుంచి 79 ఏళ్లు, అందరికీ గర్భసంచి ఉంది. సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర, మిగతావారికి మందు లేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. గర్భసంచి తీసేసిన వాళ్లకూ, ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడేవాళ్లకూ ఈ ఫలితాలు వర్తించవు. వేడి ఆవిర్లు తగ్గడానికి వాడొచ్చా అన్నదాన్ని ఈ పరిశోధన తేల్చలేదు.

సగటున అయిదేళ్ల పైచిలుకు చూశాక ఇలా తేలింది. పదివేల మందిని ఏడాది పాటు గమనిస్తే, మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లలో 30 మందికి, హార్మోన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 38 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇది సుమారు లెక్క: అసలు తేడా దాదాపు లేకపోవచ్చు, 18 దాకా ఉండనూ వచ్చు. గుండెపోటు లేదా దానికి సంబంధించిన మరణం 30 నుంచి 37కి, పక్షవాతం 21 నుంచి 29కి, గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడటం 8 నుంచి 16కి పెరిగాయి. పెద్దపేగు క్యాన్సర్ 16 నుంచి 10కి, తుంటి ఎముక విరగడం 15 నుంచి 10కి తగ్గాయి. ఇవన్నీ సగటు లెక్కలు. అన్ని ఏళ్లలోనూ తేడా ఒకేలా లేదు. మొత్తం మరణాల్లో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు.

మేలూ కీడూ కలిపి చూస్తే, అయిదేళ్లలో వందమందిలో సుమారు ఒకరికి అదనంగా ఏదో ఒక కీడు జరిగింది. అందుకే పరిశోధనను ముందుగా ఆపేశారు. గుండె జబ్బు రాకుండా ఉండటం కోసమని ఈ మాత్ర వాడకూడదని పరిశోధకులు తేల్చారు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు దేనికోసం వాడుతున్నారో డాక్టరుతో మాట్లాడాలి."

దీన్ని మాస్టారికి పంపి, ఈసారి ఇంకోలా అడిగాను: "ప్రతి వాక్యం పక్కన, మూలంలో అది ఏ మాట మీద నిలబడిందో రాయండి." ఒక వాక్యం పక్కన మాత్రం ఏమీ రాయకుండా పంపారు. "సగం మందికి" అన్నది. సరిగ్గా సగం కాదు కదా! "ఒక గుంపుకి" అని మార్చాను. డాక్టరుతో మాట్లాడాలన్న చివరి వాక్యం పక్కన "ఇది మూలంలో లేదు, నీ సలహా" అని రాశారు. ఒప్పుకున్నాను. దాన్ని విడదీసి, కింద వేరే గీత తర్వాత పెట్టాను.

పిన్నికి చివరిసారి ఇచ్చినప్పుడు "బాగుందా?" అని అడగలేదు. అలా అడిగితే బాగుందనే అంటుంది. మూడే అడిగాను. ఇది ఎవరి గురించి? తేడా ఎంత? వదినకి ఫోన్ చేస్తావా? మొదటిది సరిగ్గా చెప్పింది. రెండోదానికి, "ముప్పై మందికి వచ్చేది ముప్పై ఎనిమిది మందికి వచ్చింది, పదివేలలో. అదీ గట్టి లెక్క కాదు" అంది. మూడోదానికి, "ఆవిడ సంగతి ఇందులో లేదుగా" అని కాగితం మడిచి ఇచ్చేసింది.

సంపాదకుడికి పంపిన మర్నాడు ప్రూఫు వచ్చింది. లోపల ఒక్క అక్షరం కూడా మారలేదు. పైన శీర్షిక మాత్రం ఆయనే పెట్టారు: "హార్మోన్ మాత్రలతో రొమ్ము క్యాన్సర్ 26 శాతం!" ఫోన్ చేశాను. శీర్షిక చిన్నగా ఉండాలని, చదివించాలని, ఆ అంకె మూలంలో ఉన్నదే కదా అని అన్నారు. అరగంట మాట్లాడుకున్నాం. "ముట్లు ఆగాక గుండె కోసం హార్మోన్ మాత్ర: 2002 పరిశోధనలో ఏం తేలింది?" అన్నదానికి ఒప్పుకున్నారు. రెండు లైన్లు పట్టిందని కాస్త గొణిగారు. అక్షరాల సైజు తగ్గించి వేశారు.